ఇంజిన్‌కు పెట్టిన తూకం, రాబందు తూకం

2025 జూన్ 2న పట్నా నుంచి రాంచీకి వెళుతున్న ఇండిగో ఎ320 విమానాన్ని దిగబోయే ముందు ఒక రాబందు ఢీకొంది. అప్పటికి విమానం నేలకు మూడు నాలుగు వేల అడుగుల ఎత్తున ఉంది, లోపల 175 మంది ఉన్నారు. దెబ్బ విమానం ముక్కు మీద పడింది. రేకు లోపలికి సొట్టపోయింది తప్ప ఎవరికీ ఏమీ కాలేదు, విమానం క్షేమంగా దిగింది. పత్రికలు దీన్ని అదృష్టం అన్నాయి. ఆ మాట నిజమే. అదే పక్షి అయిదారు మీటర్లు పక్కకు జరిగి ఇంజిన్ నోట్లో పడి ఉంటే కథ వేరు. ఎందుకంటే ఆ ఇంజిన్‌ను ఏ బరువు పక్షితో పరీక్షించి ఆమోదించారో, రాబందు దానికి రెట్టింపుకు పైగా తూగుతుంది.

ఉత్తర తెలంగాణలో ఉన్నవాళ్లు ఈ లెక్కను కాస్త శ్రద్ధగా చూడాలి. నిజాం కాలంలో వేసిన ఆదిలాబాద్ ఎయిర్‌ఫీల్డ్ వాయుసేన చేతిలో ఉండిపోయింది. అక్కడ పౌర విమానాలు కూడా నడుపుకోవచ్చని 2025లో రక్షణ శాఖ ఒప్పుకుంది. ఉమ్మడి కరీంనగర్‌లో బసంత్‌నగర్ రన్‌వే ఎన్నో ఏళ్లుగా మూలనపడి ఉంది. దాని బదులు పెద్దపల్లి జిల్లా అంతర్గాం దగ్గర కొత్త విమానాశ్రయం కట్టాలన్న ప్రతిపాదన వచ్చింది. ఇక బెజ్జూరు అడవిలో, పాలరాపు గుట్ట కొండచరియ మీద, పొడుగుముక్కు రాబందుల గూళ్లు ఉన్నట్టు 2013లో బయటపడింది. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు దేశంలో రాబందుల జాతిని దాదాపు తుడిచిపెట్టాక, అప్పటికి మన దగ్గర మిగిలిన విలువైన గుంపు అది. ఈ పక్షి అయిదున్నర నుంచి ఆరు కిలోలకు పైగా తూగుతుంది. రెక్క ఆడించకుండానే వేడిగాలి మీద తేలుతూ ఒక్క రోజులో నూరు కిలోమీటర్లు తిరగగలదు.

ఇంతకూ ఇంజిన్‌కు పెట్టే పరీక్ష ఏమిటి?

అమెరికా విమానయాన నిబంధనల్లో 33.76 అనే విభాగం ఉంది. యూరప్ నియమాలూ దాదాపు అలాగే ఉంటాయి. ఇంజిన్ నోరు ఎంత వెడల్పో చూసి, దానికి తగ్గ పక్షి బరువును ఆ నియమం నిర్ణయిస్తుంది. నోటి వైశాల్యం 1.35 చదరపు మీటర్ల లోపు ఉంటే 1.85 కిలోల పక్షి, 3.9 చదరపు మీటర్ల దాకా అయితే 2.75 కిలోలది, అంతకు మించితే 3.65 కిలోలది. మన దేశంలో ఎ320 నియో విమానాలకు ఎక్కువగా కనిపించే లీప్ ఇంజిన్ ఫ్యాన్ వ్యాసం రెండు మీటర్లకు కొంచెం తక్కువ. అది మధ్య తరగతిలోకి వస్తుంది. అంటే పరీక్షలో దానికి ఎదురయ్యే అతి పెద్ద ఒంటరి పక్షి బరువు 2.75 కిలోలు.

పరీక్ష చేసే తీరు ఇలా ఉంటుంది. ఇంజిన్‌ను బలమైన స్టాండుకు బిగించి టేకాఫ్ శక్తితో తిప్పుతారు. ఎదురుగా పొడవాటి గొట్టంతో గాలి ఫిరంగి ఉంటుంది. ముందే చనిపోయిన పక్షిని తేలికపాటి తొడుగులో పెట్టి, ఒత్తిడి గాలిని ఒక్కసారిగా వదిలితే అది గొట్టంలో దూసుకొస్తుంది. గొట్టం చివర తొడుగు ఆగిపోతుంది, పక్షి మాత్రం 200 నాట్ల వేగంతో, అంటే గంటకు దాదాపు 370 కిలోమీటర్లతో, ఫ్యాన్‌లోకి వెళుతుంది. గడ్డకట్టిన కోడిని కరిగించకుండా పేల్చి అద్దాలు పగలగొట్టుకున్న ఇంజినీర్ల కథ ప్రపంచమంతా తిరుగుతూనే ఉంది. అది హాస్యకథే, కానీ అందులో ఒక నిజం ఉంది. ఆ వేగంలో మెత్తటి పక్షి శరీరం ఘనపదార్థంలా ప్రవర్తించదు, నీళ్లు నింపిన సంచిలా పగిలి బ్లేడు మీద పరచుకుంటుంది. మంచుగడ్డ అలా పరచుకోదు. అందుకే కొత్త బ్లేడ్ల రూపకల్పన దశలో పక్షికి బదులు, నీటికి దగ్గరి సాంద్రత ఉన్న జిలాటిన్ దిమ్మెలు కొట్టి చూస్తారు. అధికారులు ఒప్పుకుంటే ఆమోద పరీక్షలో కూడా పక్షి స్థానంలో వేరే వస్తువు వాడటానికి నియమం వీలిస్తుంది.

పెద్ద పక్షి పరీక్షలో పాసవడం అంటే ఇంజిన్ నడుస్తూ ఉండాలని కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. బ్లేడ్లలో అత్యంత బలహీనమైన చోటు చూసి కొట్టాక, 15 సెకన్ల పాటు పవర్ లీవర్‌ను ఎవరూ తాకకూడదు. ఆ తర్వాత ఇంజిన్ చచ్చిపోయినా ఫర్వాలేదు. కానీ ముక్కలు కవచాన్ని చీల్చుకుని బయటికి రాకూడదు. అదుపు తప్పిన మంట రాకూడదు. రెక్కకు పట్టి ఉంచే బిగింపులు తెగకూడదు. ఆపాలనుకున్నప్పుడు ఇంజిన్ ఆగాలి. క్లుప్తంగా చెప్పాలంటే, చచ్చే ఇంజిన్ విమానాన్ని తనతో పాటు తీసుకుపోకూడదు. రెండో ఇంజిన్ ఉంది కదా అన్న భరోసా మీదే ఈ నియమం నిలబడింది.

గుంపుగా ఎగిరే మధ్యరకం పక్షుల పరీక్ష వేరు, నాకు అదే ఎక్కువ విలువైనదిగా తోస్తుంది. గుంపు వచ్చిందంటే రెండు ఇంజిన్లలోకీ ఒకేసారి పడవచ్చు, అప్పుడు రెండో ఇంజిన్ భరోసా పనిచేయదు. లీప్ అంత ఇంజిన్ అయితే 1.15 కిలోల పక్షి ఒకటి, 0.7 కిలోల పక్షులు మరికొన్ని, అన్నీ సుమారు ఒక్క సెకనులో లోపలికి పోవాలి. విమానాన్ని ముందుకు నెట్టే బలం, అంటే థ్రస్ట్, నాలుగో వంతుకు మించి పోకూడదు. ఆ తర్వాత 20 నిమిషాలు నడిచి చూపించాలి. మొదటి రెండు నిమిషాలు లీవర్ తాకరు. పిమ్మట మూడు నిమిషాలు 75 శాతం శక్తి మీద, ఆరు నిమిషాలు 60 మీద, మరో ఆరు 40 మీద నడుపుతారు. ఒక నిమిషం దిగేటప్పటి కనిష్ఠ స్థాయికి తగ్గించి, చివరి రెండు నిమిషాలు మళ్లీ 75కు లేపుతారు. పక్షుల దెబ్బ తిన్న విమానం పైకి లేచి, చుట్టు తిరిగి, వచ్చిన రన్‌వే మీదే దిగడానికి పట్టే కాలం అది. ఆఖరున శక్తి పెంచడం, దిగబోయి మళ్లీ లేవాల్సి వస్తే ఇంజిన్ పలుకుతుందా అని చూడటానికి.

మన నల్ల గద్ద ముప్పావు కిలోకు అటూ ఇటూ తూగుతుంది. కాబట్టి ఈ మధ్యరకం పరీక్ష అచ్చంగా మన గద్దకే పెట్టినట్టుంది. గద్ద ఫ్యాన్‌లో పడితే ఏమవుతుందో ఒకసారి లెక్కగట్టి చూద్దాం. లీప్ ఫ్యాన్‌కు 18 బ్లేడ్లు. టేకాఫ్‌లో అది నిమిషానికి దాదాపు 3,800 చుట్లు తిరుగుతుంది. అంటే ఇంజిన్ నోటి ముందున్న ఏ ఒక్క చోటు చూసినా, సెకనుకు 1,140 సార్లు ఒక బ్లేడు దాటిపోతుంది. 200 నాట్లు అంటే సెకనుకు 103 మీటర్లు. కనుక ఒక బ్లేడు దాటి ఇంకో బ్లేడు వచ్చేలోగా గద్ద 9 సెంటీమీటర్లే లోపలికి వెళ్తుంది. దాని మొండెం రెండు మూడు ముక్కలై, ఒక్కో ముక్కా ఒక్కో బ్లేడు మీద పడుతుంది. దెబ్బ పంచుకోవడం అంటే ఇదే. ఫ్యాన్ అంచు సెకనుకు దాదాపు 390 మీటర్ల వేగంతో కదులుతుంది కనుక, అసలు దెబ్బ విమాన వేగం వల్ల కంటే బ్లేడు వేగం వల్లే ఎక్కువగా తగులుతుంది.

ముక్కలయ్యాక అవి ఎటు పోతాయన్నది అసలు ప్రశ్న. లీప్ మింగే గాలిలో సుమారు పదకొండు వంతులు ఫ్యాన్ దాటి బయటి గొట్టం గుండా నేరుగా వెనక్కి పోతాయి. ఒక్క వంతు మాత్రమే నడుమనున్న కోర్‌లోకి, అంటే కంప్రెసర్, మంట గది, టర్బైన్ ఉన్న భాగంలోకి వెళుతుంది. ఫ్యాన్ పూర్తి వేగంతో తిరుగుతుంటే ముక్కలను బయటి అంచు వైపు విసిరేస్తుంది, కోర్ బతుకుతుంది. విమానం కొంత ఎత్తుకు చేరాక పైలట్ శక్తి తగ్గిస్తాడు, ముందుకు పోయే వేగం మాత్రం పెరుగుతుంది. ఫ్యాన్ నెమ్మదించి, పక్షి జోరుగా వచ్చే ఆ దశలో ముక్కలు కోర్‌లోకి దూరే అవకాశం ఎక్కువ.

2009 జనవరి 15న న్యూయార్క్‌లో జరిగింది అదే. యుఎస్ ఎయిర్‌వేస్ 1549వ విమానం 2,800 అడుగుల దగ్గర ఎక్కుతుండగా కెనడా బాతుల గుంపు తగిలింది. ఒక్కోటి సగటున మూడు కిలోలకు పైమాటే. ఆ ఇంజిన్లకు పెట్టిన పెద్ద పక్షి పరీక్ష నాలుగు పౌండ్లకు, అంటే 1.8 కిలోలకు. రెండు ఇంజిన్లలోనూ కోర్ దెబ్బతింది. ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నా థ్రస్ట్ దాదాపు సున్నా అయింది. హడ్సన్ నదిలో దించడం వల్ల 155 మందీ బతికారు. దీని నుంచి నేర్చుకుని, ఎక్కే దశ వేగంలో పక్షి కోర్‌లోకే పోయేలా కొట్టే మరో పరీక్షను అమెరికా 2023లో నియమాల్లో చేర్చింది. అది కొత్తగా ఆమోదం కోరే ఇంజిన్లకు వర్తిస్తుంది. ఇప్పుడు మన ఆకాశంలో తిరుగుతున్నవన్నీ పాత పరీక్షలు రాసినవే.

మరి రాబందు? అదే 200 నాట్ల దగ్గర 2.75 కిలోల పక్షి తెచ్చే గతిశక్తి సుమారు 14,600 జౌళ్లు. ఆరు కిలోల రాబందు తెచ్చేది దాదాపు 31,800. ఎక్కే దశలో 250 నాట్లు ఉంటే అది యాభై వేలకు చేరువవుతుంది. దీన్ని తట్టుకునే ఇంజిన్ చేయలేరా అని అడగవచ్చు. చేయవచ్చు, కానీ బ్లేడ్లూ వాటి చుట్టూ ఉన్న కవచమూ ఎంతో బరువెక్కుతాయి, ఆ బరువు మోయడానికి ప్రతి ప్రయాణంలోనూ ఇంధనం కాలుతుంది. నియమం ఒక తూకం దగ్గర గీత గీసింది. గీతకు ఇవతల ఉన్నదాని సంగతి ఇంజిన్ చూసుకుంటుంది, అవతల ఉన్న పక్షిని విమానానికి దూరంగా ఉంచడం నేల మీద ఉన్నవాళ్ల పని.

చిన్న పట్టణాలకు తరచూ తిరిగే ఏటీఆర్ 72 సంగతి కొంచెం వేరు. దానికి ముందు ప్రొపెల్లర్ ఉంటుంది. ఆరు రెక్కలు నిమిషానికి 1,200 చుట్లు, అంటే ఒక చోటును సెకనుకు 120 సార్లు దాటతాయి. విమానం సెకనుకు 60 మీటర్లు పోతుంటే రెక్కకూ రెక్కకూ నడుమ పక్షికి అర మీటరు సందు దొరుకుతుంది. చిన్న పిట్ట ఒక్కోసారి ఆ సందులోంచి వెళ్లిపోతుంది. ఇంజిన్‌కు గాలి తీసుకుపోయే గొట్టం వంపు తిరిగి ఉండి, బరువైనవి వంపు దగ్గర తిరగలేక వేరే దారిన బయటికి పోయేలా ఉంటుంది.

పక్షి తగిలినట్టు పైలట్‌కు ఎలా తెలుస్తుంది? ఒక్కోసారి చప్పుడు, ఒక్కోసారి క్యాబిన్‌లో మాంసం కాలిన వాసన. బ్లేడు వంగితే ఫ్యాన్ తూకం తప్పి వైబ్రేషన్ మీటరు ఎక్కుతుంది. కోర్‌లో గాలి దారి చెదిరితే వెనక వాయువు ఉష్ణోగ్రత పెరుగుతుంది, ఇంజిన్ టపటపా పేలుతున్నట్టు శబ్దం వస్తుంది. 2025 సెప్టెంబరులో విశాఖ నుంచి హైదరాబాద్ బయలుదేరిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం పక్షి తగిలి వెనుదిరిగి విశాఖలోనే దిగింది. అలా దిగిన విమానాన్ని మెకానిక్‌లు ముందు ఫ్యాన్ దగ్గర చేత్తో తడిమి, టార్చి వేసి చూస్తారు. తర్వాత సన్నటి కెమెరా తీగ, బోరోస్కోప్, కంప్రెసర్ లోపలికి దించి ఒక్కో వరుస బ్లేడు అంచునూ పరీక్షిస్తారు. అంచు మీద చిన్న గాటు ఉంటే పరిమితి లోపల నునుపు చేసి వదిలేయవచ్చు. పగులు ఉంటే ఇంజిన్ దించాల్సిందే. రక్తపు మరక, ఈక ముక్క దొరికితే పారేయరు, డీఎన్ఏ పరీక్షకు పంపుతారు. ఏ పక్షో తేలకపోతే ఎక్కడ ఏం మార్చాలో తెలియదు. తీతువుకు చేసే మందు గద్దకు పనికిరాదు.

తీతువు నేల పక్షి. గద్దలా ఆకాశంలో చక్కర్లు కొట్టదు, రన్‌వే పక్క గడ్డిలోనే గుడ్లు పెడుతుంది. మనిషి అలికిడి అయితే పెద్దగా అరుస్తూ లేచి రన్‌వేకు అడ్డంగా ఎగురుతుంది. బరువు రెండు వందల గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది గనుక ఇంజిన్‌కు పెద్ద ప్రమాదం కాదు, కానీ మన విమానాశ్రయాల్లో తరచూ తగిలే పక్షుల్లో ఇదొకటి. దీన్ని తగ్గించాలంటే గడ్డి ఎత్తును అదుపులో ఉంచాలి, గడ్డిలో పురుగును అదుపులో ఉంచాలి. మరీ పొట్టిగా కోస్తే పురుగులు బయటపడి తీతువులు, తెల్లకొంగలు దిగుతాయి. మరీ పొడుగ్గా వదిలితే ఎలుకలు పెరిగి, వాటి కోసం గద్దలు వస్తాయి. ఎంత ఎత్తు ఉంచాలన్నది ఊరి వాన మీదా, పక్షుల మీదా ఆధారపడుతుంది. ఇంగ్లండులో పనికొచ్చిన కొలత ఆదిలాబాద్ నల్లరేగడిలో పనికి రాకపోవచ్చు. తొలకరి పడ్డ వారం పది రోజులు అన్నిటికంటే కష్టకాలం. చెదలు రెక్కలు తొడిగి లేస్తాయి, ఎర్రలు రన్‌వే మీదికి పాకుతాయి, చుట్టూ చేలల్లో ట్రాక్టర్ల వెనక కొంగలు దిగుతాయి.

టపాకాయలు, గ్యాస్ తుపాకులు, పక్షుల ఆర్తనాదాల రికార్డింగులు, లేజర్లు, జీపులో తిరిగి తోలే మనుషులు: ఇవన్నీ ఉన్నాయి, ఉండాలి కూడా. కానీ ఒకే చోటి నుంచి ఒకే వేళకు పేలే శబ్దానికి పక్షి కొన్నాళ్లకే అలవాటుపడుతుంది. తిండి ఉన్నంత కాలం తోలినా మళ్లీ వస్తుంది. పక్షిని తోలే మనిషికి తెలిసిన ఈ సంగతి పట్టణ పాలకులకు ఎక్కదు, ఎందుకంటే తిండి పెడుతున్నది విమానాశ్రయం కాదు, ఊరే.

విమానం సాధారణంగా మూడు డిగ్రీల వాలులో దిగుతుంది. ఆ వాలు ప్రకారం రన్‌వేకు పది కిలోమీటర్ల దూరంలో అది నేలకు దాదాపు 520 మీటర్ల పైన ఉంటుంది. ఎండెక్కాక, పొద్దున తొమ్మిది పది గంటల నుంచి, డంపింగ్ యార్డు మీద గద్దలు వేడిగాలి పట్టుకుని సుడులు తిరిగే ఎత్తు కూడా ఇంచుమించు అంతే. అంటే ప్రహరీ లోపల ఎంత శుభ్రంగా ఉంచినా, వాలు కింద చెత్తకుప్ప ఒకటి ఉంటే చాలు, విమానం గద్దల మధ్య నుంచే దిగాలి. ఇది కొత్తగా తెలిసిన విషయం కాదు. 1937 నాటి విమాన నిబంధనల్లో 91వ నిబంధన ప్రకారం, విమానాశ్రయ కేంద్ర బిందువు నుంచి పది కిలోమీటర్ల లోపు జంతువులను కోయకూడదు, తోలు ఒలవకూడదు, రాబందులనూ ఇతర పక్షులనూ రప్పించే చెత్త వేయకూడదు. మాంసం దుకాణాలూ చేపల దుకాణాలూ పారేసేదాన్ని కూడా అందులో పేరుపెట్టి చెప్పారు. 2016 ఘనవ్యర్థాల నిబంధనలు ఇంకో అడుగు ముందుకేసి, చెత్త పూడ్చే స్థలం విమానాశ్రయానికి 20 కిలోమీటర్ల దూరంలో ఉండాలన్నాయి. పదికీ ఇరవైకీ నడుమ పెట్టాలంటే ముందు అభ్యంతరం లేదన్న పత్రం తెచ్చుకోవాలన్నాయి.

అలవాటైన దుకాణాన్ని మూయించడం, ఏళ్లుగా పేరుకున్న గుట్టను కదిలించడం ఎంత కష్టమో కరీంనగర్‌లో మానేరు ఒడ్డు డంపింగ్ యార్డును చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. విమానాశ్రయం వచ్చాక కాదు, రాకముందే ఆ పది కిలోమీటర్ల వృత్తాన్ని పటం మీద గీసి, అందులో ఉన్న కోత స్థలాలు, కోళ్ల వ్యర్థాలు పడేసే వాగులు, చచ్చిన పశువులను వేసే బీడు భూములు లెక్క రాయాలి. రాబందుల విషయంలో ఇది ఇంకా సున్నితం. వాటికి కళేబరం కావాలి, ఆ కళేబరం బెజ్జూరు అడవిలో దొరకాలి తప్ప ఆదిలాబాద్ శివార్లలో కాదు. పాలరాపు గుట్ట దగ్గర మందు అంటని మేత ఎప్పుడూ అందుబాటులో ఉంచితే రాబందుకూ మంచిది, విమానానికీ మంచిది.

అంతర్గాం విషయంలో చెత్త కంటే నీళ్లే పెద్ద చిక్కు. అదే మండలంలో గోదావరి మీద శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు ఉంది. జలాశయాన్ని డంపింగ్ యార్డులా పక్కకు జరపలేం. చలికాలంలో దిగే వలస బాతులు తెల్లవారుజామునా పొద్దుగూకాకా గుంపులుగా, తక్కువ ఎత్తున ఎగురుతాయి. 2024 డిసెంబరు 29న దక్షిణ కొరియాలోని మువాన్‌లో కూలిన జేజు ఎయిర్ విమానం రెండు ఇంజిన్లలోనూ బైకాల్ టీల్ అనే వలస బాతు ఈకలు, రక్తం దొరికాయి. 179 మంది చనిపోయారు. ఆ బాతు అరకిలో కూడా తూగదు. అంత మంది చనిపోవడానికి రన్‌వే చివర కట్టిన కాంక్రీటు దిమ్మెతో సహా మరెన్నో కారణాలు ఉన్నాయి. కానీ వలస బాతులు చేరే తడినేలల పక్కనే ఆ విమానాశ్రయాన్ని కట్టారన్నది కాదనలేని విషయం.

అంతర్గాంలో రన్‌వే ఏ దిక్కుకు వేయాలో నిర్ణయించే ముందు కనీసం ఒక పూర్తి సంవత్సరం, నాలుగు కాలాల్లోనూ, ఎల్లంపల్లి నుంచి పక్షులు ఏ వేళకు ఎటు, ఎంత ఎత్తున ఎగురుతున్నాయో లెక్కించాలి. ఆ నివేదికను భూసేకరణ కాగితాలతో పాటు ప్రజల ముందు పెట్టమని పెద్దపల్లి, మంచిర్యాల ప్రజాప్రతినిధులు ఇప్పుడే అడగాలి. కాంక్రీటు పోశాక రన్‌వే దిక్కు మారదు.